పెట్రోల్ క్యాన్ నేల మీదే ఎందుకు ఉండాలి?

1998లో అమెరికాలోని నియోష్ అనే ప్రభుత్వ సంస్థ ఒక చిన్న హెచ్చరిక పత్రం విడుదల చేసింది. పనిచేసే చోట మనుషుల భద్రత గురించి పరిశోధన చేసే సంస్థ అది. పికప్ ట్రక్కుల వెనక తొట్టిలో క్యాన్లు పెట్టి, వాటిని కిందికి దించకుండానే పెట్రోల్ పట్టుకుంటుంటే మంటలు లేస్తున్నాయనీ, మనుషులు తీవ్రంగా కాలిపోతున్నారనీ అందులో ఉంది. తొట్టికి గీతలు పడకుండా పరిచే ప్లాస్టిక్ లైనరే ఈ మంటలకు కారణమని ఆ సంస్థ తేల్చింది. కారు లోపల కార్పెట్ మీద క్యాన్ పెట్టి పట్టినా ఇదే జరుగుతోంది. పరిష్కారం ఒక్క వాక్యంలో చెప్పారు: క్యాన్‌ను కిందికి దించి, నేల మీద పెట్టి పట్టండి.

అదే పత్రంలో ఇంకో మాట ఉంది. ప్లాస్టిక్ క్యాన్లు, లోహపు క్యాన్లు రెండూ ఈ ప్రమాదాల్లో ఉన్నాయి గానీ, వాటిలో లోహపు క్యానే ఎక్కువ ప్రమాదకరం అని. ఇనుము విద్యుత్తును పోనిస్తుంది, ప్లాస్టిక్ పోనివ్వదు అని బడిలో చదువుకున్న మనకు ఇది తలకిందులుగా అనిపిస్తుంది. అక్కడి నుంచే లెక్క మొదలుపెడదాం. లోహపు క్యాన్ సంగతి అర్థమైతే ప్లాస్టిక్ క్యాన్ సంగతి సగం అర్థమైనట్టే.

ముందు ఆ విద్యుత్తు ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి. స్థిర విద్యుత్తు అనగానే మనకు గుర్తొచ్చేది దువ్వెనకు అతుక్కునే కాగితం ముక్కలు. అక్కడ రెండు ఘనపదార్థాలు రాసుకున్నాయి. ద్రవం పైపులో ప్రవహించేటప్పుడూ అలాంటిదే జరుగుతుంది. పెట్రోలులో అతి కొద్ది పాళ్లలో ఉండే మలినాలు ధన, రుణ అయాన్లుగా విడిపోయి ఉంటాయి. వాటిలో ఒక రకం గోడకు అంటుకోవడానికి ఇష్టపడుతుంది, రెండో రకం ద్రవంతో పాటు కొట్టుకుపోతుంది. అలా పైపులోంచి బయటకు వచ్చే పెట్రోలు కాస్త ఆవేశంతో వస్తుంది. మధ్యలో ఫిల్టర్ ఉంటే ఇది ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే ఫిల్టర్‌లోని సన్నని రంధ్రాల వల్ల ద్రవానికి తగిలే గోడ వైశాల్యం ఎన్నో రెట్లవుతుంది. బంకులో ప్రతి పంపులోనూ ఫిల్టర్ ఉంటుంది. అది లేకపోతే మీ కార్బ్యురేటర్‌లోకి తుప్పూ దుమ్మూ పోతాయి. అంటే పంపులోంచి వచ్చే పెట్రోలు ఎంతో కొంత ఆవేశంతోనే వస్తుంది, దాన్ని పూర్తిగా ఆపలేం.

ఎంత ఆవేశం? ఇంధనాన్ని బట్టి, ఫిల్టర్‌ను బట్టి, వేగాన్ని బట్టి మారుతుంది. లెక్క కోసం ఘనపు మీటరు పెట్రోలుకు 30 మైక్రోకూలంబులు అనుకుందాం. అసాధ్యమైన అంకె కాదు, అలాగని మరీ ఎక్కువా కాదు. పది లీటర్ల క్యాన్‌లోకి నిమిషానికి 35 లీటర్ల వేగంతో పడితే, నిండడానికి పదిహేడు సెకన్లు పడుతుంది. ఈలోపు క్యాన్‌లోకి చేరిన ఆవేశం 0.3 మైక్రోకూలంబు. దీన్ని కరెంటుగా చెప్పుకుంటే పదిహేడు, పద్దెనిమిది నానోఆంపియర్లు. ఇంట్లో చిన్న ఎల్‌ఈడీ దీపం తీసుకునే కరెంటులో లక్షో వంతు కూడా కాదు.

ఇంత తక్కువ కరెంటు ఏం చేయగలదు? పోవడానికి దారి ఉంటే ఏమీ చేయలేదు. దారి లేకపోతే చుక్క చుక్కగా పోగవుతుంది.

ప్లాస్టిక్ లైనర్ మీద కూర్చున్న లోహపు క్యాన్‌కు దారి లేదు. పెట్రోలుతో వచ్చిన ఆవేశం మొత్తం క్యాన్ లోహం మీదికి చేరి అక్కడే నిలుస్తుంది. అలాంటి క్యాన్‌కు ఆవేశాన్ని పట్టి ఉంచే సామర్థ్యం, అంటే కెపాసిటెన్స్, సుమారు 100 పికోఫారడ్లు ఉంటుందని అనుకోవచ్చు. 0.3 మైక్రోకూలంబును దానితో భాగిస్తే వోల్టేజీ వస్తుంది: 3,000 వోల్టులు. అందులో నిలవున్న శక్తిని బడిలో నేర్చుకున్న E = ½CV² సూత్రంతో లెక్కిస్తే 0.45 మిల్లీజౌలు. పెసరగింజంత బరువును ఒక మీటరు ఎత్తు లేపడానికి పట్టేంత శక్తి. కానీ పెట్రోలు ఆవిరి, గాలి సరైన పాళ్లలో కలిసిన చోట అంటుకోవడానికి కావలసింది పావు మిల్లీజౌలు మాత్రమే. అంటే అవసరమైన దానికి దాదాపు రెట్టింపు శక్తి ఆ క్యాన్ మీద సిద్ధంగా ఉంది.

ఇప్పుడు నాజిల్ వైపు చూద్దాం. బంకు పంపు భూమికి కలిపి ఉంటుంది. హోస్ పైకి రబ్బరులాగే కనిపించినా, నాజిల్ నుంచి పంపు దాకా ఆవేశం పోయే దారి ఉండేట్టుగానే దాన్ని తయారు చేస్తారు. కాబట్టి నాజిల్ ఎప్పుడూ సున్నా వోల్టుల దగ్గర ఉంటుంది. క్యాన్ 3,000 వోల్టుల దగ్గర ఉంది. పట్టడం అయిపోయాక నాజిల్ బయటికి తీసేటప్పుడో, మూతి అంచుకు తాకబోయేటప్పుడో, రెండింటి మధ్యా మిల్లీమీటరు సందు మిగిలిన క్షణంలో నిప్పురవ్వ దూకుతుంది. లోహం మీద ఆవేశం ఏ మూల ఉన్నా ఒక్క క్షణంలో ఆ బిందువు దగ్గరికి పరుగెత్తుకు రాగలదు. అందుకే లోహపు క్యాన్ అంత ప్రమాదకరం. ఉన్న శక్తినంతా ఒకే రవ్వలో కక్కేస్తుంది.

రవ్వ దూకే చోటు కూడా అంతకంటే చెడ్డది ఉండదు. లీటరు పెట్రోలు లోపలికి వెళ్తే, అప్పటిదాకా క్యాన్‌లో ఉన్న లీటరు ఆవిరి మూతిలోంచి బయటికి రావాలి. పెట్రోలు ఆవిరి గాలిలో సుమారు 1.4 శాతం నుంచి 7.6 శాతం వరకు ఉన్నప్పుడే మండుతుంది. అంతకు తక్కువైతే పలుచన, ఎక్కువైతే గాలి చాలదు. మన ఎండల్లో, కొంచెం పెట్రోలు అడుగున మిగిలిన క్యాన్ లోపల ఆవిరి ఈ పరిమితికి చాలా పైన ఉంటుంది, కాబట్టి లోపల మంట పుట్టదు. మూతి దగ్గర ఆ చిక్కటి ఆవిరి బయటి గాలితో కలుస్తుంది. అక్కడ ఎక్కడో ఒక చోట పాళ్లు సరిగ్గా కుదురుతాయి. నాజిల్ ఉన్నదీ అక్కడే. అందుకే ఇలాంటి ప్రమాదాల్లో క్యాన్ పేలడం కంటే మూతి దగ్గర భగ్గుమని మంట లేవడమే ఎక్కువ. ఎండిపోయిన ఖాళీ క్యాన్‌లోకి చలిలో పట్టేటప్పుడు మాత్రం క్యాన్ లోపలే మండే పాళ్లు కాసేపు ఉంటాయి.

అదే లోహపు క్యాన్‌ను బంకు సిమెంటు నేల మీద పెడితే? సిమెంటు రాగితీగ కాదు. మంచి విద్యుత్ వాహకం అని ఎవరూ అనరు. కానీ కాంక్రీటులో ఎప్పుడూ కాస్త తేమ, కాస్త లవణాలు ఉంటాయి. క్యాన్ నుంచి భూమికి ఒక గిగా ఓమ్, అంటే వంద కోట్ల ఓముల నిరోధం ఉందనుకుందాం. కరెంటు మెకానిక్ దాన్ని మీటరుతో కొలిస్తే అసలు కనెక్షనే లేదంటాడు. కానీ మన కరెంటు పదిహేడు నానోఆంపియర్లు. ఓమ్ నియమం ప్రకారం గుణించండి: పదిహేడు వోల్టులు. క్యాన్ మీద అంతకంటే వోల్టేజీ పోగవ్వదు. అది వరుసగా పేర్చిన కొన్ని పెన్‌టార్చి బ్యాటరీల స్థాయి, దాంతో రవ్వ రాదు. వచ్చిన ఆవేశం వచ్చినట్టే నేలలోకి జారిపోతుంది. లైనర్ ప్లాస్టిక్ నిరోధం దీనికి లక్ష రెట్ల పైన ఉంటుంది, అందుకే అక్కడ జారదు.

ఈ లెక్క నాకు చాలా ఇష్టం. ఎర్తింగ్ అంటే లావుపాటి రాగి కడ్డీ, ఉప్పు, బొగ్గు వేసిన గుంత అని మన మనసులో బొమ్మ ఉంటుంది. ఇంటి కరెంటుకు అది కావాలి. స్థిర విద్యుత్తుకు మాత్రం మట్టి నేల, సిమెంటు నేల, చివరికి దుమ్ము పట్టిన బండరాయి కూడా సరిపోవచ్చు.

ఇప్పుడు ప్లాస్టిక్ క్యాన్. "నేల మీద పెడితే ఆవేశం భూమిలోకి పోతుంది" అని చాలాచోట్ల రాస్తారు. ప్లాస్టిక్ క్యాన్ విషయంలో ఇది పూర్తి నిజం కాదు. పెట్రోలుకూ నేలకూ మధ్య ప్లాస్టిక్ గోడ ఉంది. ఆవేశం దాన్ని దాటి అంత తేలిగ్గా పోలేదు. మరి నేల మీద పెడితే ఏం ఒరుగుతుంది?

ఒకే చెంబు నీళ్లను సన్నటి గొట్టంలో పోస్తే మట్టం పైకి లేస్తుంది, వెడల్పాటి పళ్లెంలో పోస్తే అడుగునే ఉంటుంది. ఆవేశం నీళ్లయితే, వోల్టేజీ ఆ మట్టం. క్యాన్ కింద నేల దగ్గరగా ఉంటే అది పళ్లెం అవుతుంది. లోపలి పెట్రోలులోని ఆవేశం, గోడకు ఇవతల నేలలో తనకు వ్యతిరేకమైన ఆవేశాన్ని దగ్గరికి లాక్కుంటుంది. రెండూ గోడకు అటూ ఇటూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉండిపోతాయి. విద్యుత్ క్షేత్రం కిందివైపుకు మళ్లుతుంది, పైన నాజిల్ వైపు బలహీనపడుతుంది. ద్రవం ఉపరితలం మీద వోల్టేజీ తగ్గుతుంది. క్యాన్‌ను చేత్తో పైకెత్తి పట్టుకున్నా, ప్లాస్టిక్ లైనర్ మీదో సీటు మీదో పెట్టినా నేల దూరమైపోతుంది, గొట్టం సన్నబడుతుంది. అదే ఆవేశం, కానీ వోల్టేజీ పైకి లేస్తుంది.

నేల మీద పెట్టడం వల్ల ప్లాస్టిక్ క్యాన్‌కు ఇంకో లాభం ఉంది. క్యాన్ బయటి గోడ మీద కూడా ఆవేశం ఉంటుంది. దాన్ని ప్యాంటుకు రాసుకుంటూ మోసుకొచ్చినా, పొడిగుడ్డతో తుడిచినా, సీటు మీద నుంచి జరిపినా అది పుడుతుంది. నేలకు తగిలిన భాగంలో ఈ ఆవేశం కొంత పోతుంది. కొంతే సుమా, పై భాగంలోది అలాగే ఉండొచ్చు.

ప్లాస్టిక్ మీద ఆవేశం ఉన్నచోటే ఉంటుంది, లోహం మీదలా పరుగెత్తి రాలేదు. కాబట్టి దాని నుంచి వచ్చే రవ్వ సాధారణంగా బలహీనంగా, చీపురు పుల్లల్లా చీలి ఉంటుంది. అయినా పెట్రోలు ఆవిరిని అంటించడానికి అది చాలు. ఇక ప్లాస్టిక్ క్యాన్‌కు ఎక్కడైనా లోహపు ముక్క ఉంటే, ఉదాహరణకు ఇనుప పిడి, మూతిలో ఇరికించిన రేకు గరాటు, అది ప్లాస్టిక్ మీద ఒంటరిగా మిగిలిన లోహం. లైనర్ మీది క్యాన్ చేసిన పనే చిన్న స్థాయిలో అది చేస్తుంది. రేకు గరాటు వాడకపోవడం మేలు, వాడక తప్పకపోతే నాజిల్‌ను దానికి ఆనించే ఉంచాలి.

నేల ఒక్కటే చాలదు. పట్టినంతసేపూ నాజిల్ లోహం క్యాన్ మూతికి ఆని ఉండాలి. లోహపు క్యాన్‌కైతే ఇది నేరుగా ఎర్తింగ్: నాజిల్ నుంచి హోస్, హోస్ నుంచి పంపు, పంపు నుంచి భూమి. ఆవేశం పోగవ్వదు, పైగా సందే లేనప్పుడు రవ్వ దూకడానికి చోటుండదు. నాజిల్‌ను కొంచెం పైకెత్తి ధారగా పోయడమే తప్పు. ధార కింద పడి చిట్లితే ఆవేశం ఇంకా పుడుతుంది, ఆవిరీ పెరుగుతుంది. వేగం కూడా తగ్గించాలి. ట్రిగ్గర్ సగమే నొక్కితే పైపులో ఆవేశం పుట్టడమూ తగ్గుతుంది, పుట్టినది సర్దుకోవడానికి సమయమూ దొరుకుతుంది. శుద్ధి చేసిన మామూలు పెట్రోలులో ఆవేశం కదలడానికి సెకను లోపు నుంచి పలు సెకన్ల దాకా పడుతుంది. ఎథనాల్ ఎక్కువ కలిస్తే ద్రవం లోపల ఇది చాలా త్వరగా జరుగుతుంది. అయినా ప్లాస్టిక్ గోడ ప్లాస్టిక్ గోడే కాబట్టి క్యాన్‌ను నేల మీద పెట్టే నియమం మారదు.

గాలిలో తేమ ఉంటే భయం లేదని కోస్తా జిల్లాల వాళ్లు అనుకోవచ్చు. సగం నిజం. తేమ వల్ల ప్లాస్టిక్ గోడల మీద, బట్టల మీద కంటికి కనబడని నీటి పొర ఏర్పడి అక్కడి ఆవేశం జారిపోతుంది. కానీ హోస్ లోపల ప్రవహిస్తున్న పెట్రోలుకు బయటి తేమతో పనిలేదు. కాకినాడలో అయినా, చలికాలపు ఆదిలాబాద్‌లో అయినా ఫిల్టర్ దాటేటప్పుడు దానికి ఆవేశం పుడుతూనే ఉంటుంది.

ఇక మనిషి. మనిషి కూడా రబ్బరు చెప్పుల మీద నిలబడ్డ ఒంటరి లోహపు క్యాన్ లాంటివాడే. శరీరం కెపాసిటెన్స్ నూట యాభై పికోఫారడ్లు అనుకుందాం. సింథటిక్ సీటు మీద నుంచి జారి కిందికి దిగితే కొన్ని వేల వోల్టులు ఒంటి మీద ఉండటం మామూలే. మనకు చురుక్కుమని తెలిసేది సుమారు 3,000 వోల్టులు దాటాక. అదే లెక్క 2,000 వోల్టులకు వేస్తే 0.3 మిల్లీజౌలు వస్తుంది. ఆవిరిని అంటించడానికి చాలే రవ్వ మన వేలి నుంచి దూకినా మనకు తెలియదన్నమాట! అమెరికాలో పెట్రోలియం పరికరాల పరిశ్రమ సంఘం, పీఈఐ, బంకుల్లో స్థిర విద్యుత్తు వల్ల వచ్చినవిగా భావించిన మంటల నివేదికలు 170కి పైగా సేకరించింది. వాటిలో చాలా వాటిలో ఒకే వరుస కనబడింది. నాజిల్‌ను బండికి తగిలించి, చలికో పర్సు కోసమో లోపలికి వెళ్లి కూర్చుని, మళ్లీ దిగి నేరుగా నాజిల్‌ను పట్టుకోవడం. అక్కడ చాలాచోట్ల పెట్రోలు కొట్టుకునేది కస్టమరే కాబట్టి ఇది ఎక్కువ. ముందుగా నాజిల్‌కు దూరంగా బండి తలుపు లోహాన్ని ఒట్టి చేత్తో తాకితే ఆ ఆవేశం పోతుంది. అదే నివేదికల్లో మొబైల్ ఫోను వల్లే మంట వచ్చిందని రుజువైన సంఘటన ఒక్కటీ లేదు. బంకుల్లో ఫోన్ బొమ్మకు అడ్డగీత గీసినంత పెద్దగా, క్యాన్‌ను నేల మీద పెట్టమని రాసి ఉండటం నేనెక్కడా చూడలేదు.

మన బంకుల్లో పట్టేది సిబ్బంది. వాళ్లు రోజంతా పట్టుకునేది అదే నాజిల్, అది భూమికి కలిసి ఉంటుంది కాబట్టి వాళ్ల ఒంటి మీద ఆవేశం పెద్దగా నిలవదు. ఆ మేరకు మనకు మేలు. మనకున్న చిక్కు క్యాన్ దగ్గరే. స్ప్రేయర్‌కో, పవర్ వీడర్‌కో, పెళ్లి జనరేటర్‌కో పెట్రోలు కోసం క్యాన్ తెచ్చినవాళ్లు దాన్ని బైకు ట్యాంకు మీద ఆనించి పట్టుకుంటారు, వెనక కూర్చున్న మనిషి ఒళ్లో పెట్టుకుంటాడు, ట్రాలీ ఆటోలో పరిచిన పట్టా మీద నుంచి దించడు. బంకు కుర్రాడు చేయి చాచి పట్టేస్తాడు. "దించు అన్నా" అని అతను అన్నా అనకపోయినా, దించాల్సింది తెచ్చినవాళ్లే. అమెరికాలో గడ్డి కోసే మిషన్‌కు పెట్రోలు పట్టుకెళ్లే మనవాళ్లకైతే అది ఎస్‌యూవీ డిక్కీలో కార్పెట్. నియోష్ పత్రం సరిగ్గా దాని గురించే.

ఏ డబ్బా అయినా పనికొస్తుందా అంటే అదీ లేదు. మన 1934 పెట్రోలియం చట్టం, అమ్మకానికి కాకుండా లైసెన్సు లేకుండా సొంతానికి ఉంచుకోగల పెట్రోలును 30 లీటర్లకు పరిమితం చేసి, దాన్ని ఉంచే పాత్రలను గాజు, పింగాణీ జాతివైతే లీటరు వరకు, లోహానివైతే 25 లీటర్ల వరకు అనుమతించింది. చట్టం రాసిన కాలానికి ప్లాస్టిక్ క్యాన్ లేదు. తాగునీళ్ల సీసా, నూనె డబ్బా, పురుగుమందు డబ్బా పెట్రోలు కోసం తయారైనవి కావు. వాటి గోడలను పెట్రోలు మెత్తబరచవచ్చు, మూత బిగుతుగా ఉండదు. విదేశాల్లో పెట్రోలు కోసమే తయారుచేసే ప్లాస్టిక్ క్యాన్లకు కూడా పరిమాణం మీద కట్టడి ఉంది. బ్రిటన్‌లో ఇంటి దగ్గర ఉంచుకునే ప్లాస్టిక్ క్యాన్ 10 లీటర్లు దాటకూడదు, లోహానిదైతే 20 వరకు ఉండొచ్చు. క్యాన్ పెద్దదయ్యే కొద్దీ పోగయ్యే ఆవేశమూ పెరుగుతుంది, అది పోవడానికి దారీ తగ్గుతుంది.

మూతి దగ్గర మంట లేస్తే మన చెయ్యి చేసే మొదటి పని నాజిల్‌ను గుంజేయడం. కాలిన గాయాలు ఎక్కువగా అయ్యేది అప్పుడే. మండుతున్న పెట్రోలు నాజిల్‌లోంచి చేతుల మీద, కాళ్ల మీద, నేల మీద చిమ్ముతుంది. ట్రిగ్గర్ వదిలేసి, నాజిల్‌ను ఉన్నచోటే వదిలి వెనక్కి నడవాలి. ప్రవాహం ఆగితే మూతి దగ్గరి ఆ మంటకు ఆహారం తగ్గుతుంది. అత్యవసర స్విచ్ ఎక్కడుందో బంకు సిబ్బందికి తెలిసి ఉంటుంది, కేకేసి దాన్ని నొక్కించాలి. నీళ్లు పోయకూడదు, పెట్రోలు నీటి మీద తేలి పక్కకు పాకుతుంది. పక్కనే ఎర్ర బక్కెట్లలో ఉండే ఇసుక, పొడి మంటార్పేది ఇందుకోసమే. క్యాన్‌ను నేల మీద పెట్టి పట్టి ఉంటే, ఈ పనికి మరో లాభం కూడా దొరుకుతుంది: మంట ఉన్నది నేల మీదా ఖాళీ జాగాలోనూ, బైకు ట్యాంకు మీదో ఒళ్లోనో కాదు.